వేతన సవరణ తర్వాత పాత పెన్షనర్ల పెన్షన్: లెక్క ఎలా కట్టాలి, ఎరియర్స్ ఎవరికి చెందుతాయి

పనిలో ఉన్న ఉద్యోగులకు జీతాలు పెరిగితే, అంతకుముందే రిటైరైన వారి పెన్షన్ ఎలా పెరుగుతుంది? పెరిగిన సొమ్ము పాత తేదీ నుంచి వస్తుంది కాబట్టి, ఈలోగా పెన్షనర్ కన్నుమూస్తే ఆ బకాయి ఎవరిది? ఇక్కడ కేంద్ర ప్రభుత్వ సివిల్ పెన్షనర్లకు 7వ వేతన సంఘం తర్వాత జరిగిన సవరణను తీసుకుని ఈ రెండు ప్రశ్నలనూ చివరిదాకా లెక్క కడదాం. 8వ వేతన సంఘం 2025 నవంబరులో ఏర్పాటైంది. దాని ఉత్తర్వులు ఎలా ఉన్నా, ఇంట్లో ఏ కాగితాలు ఉండాలో, ఎక్కడ డబ్బు జారిపోతుందో 7వ సంఘం అనుభవం చెబుతుంది. అప్పుడు రావలసింది ఇప్పటికీ పూర్తిగా రాని కుటుంబాలకైతే ఈ లెక్క నేరుగా పనికొస్తుంది.

ముందు తెలుసుకోవలసింది: సవరణ రెండుసార్లు జరిగింది

7వ వేతన సంఘం అమలు తేదీ 2016 జనవరి 1. అంతకుముందు రిటైరైన వారికి ఉత్తర్వులు రెండు విడతలుగా వచ్చాయి.

2016 ఆగస్టు 4 నాటి ఆఫీస్ మెమోరాండం (ఓఎం) మొదటిది. 2015 డిసెంబరు 31న ఉన్న బేసిక్ పెన్షన్‌ను 2.57తో గుణించమంది. ఇది బ్యాంకులే చేసేశాయి.

2017 మే 12 నాటి ఓఎం రెండోది. పెన్షనర్ చివరిగా అందుకున్న జీతాన్ని ఒక్కో వేతన సంఘం మీదుగా కాగితం మీద పెంచుకుంటూ 2016 దాకా తెచ్చి, ఆ ఊహా జీతంలో 50 శాతాన్ని పెన్షన్‌గా, 30 శాతాన్ని ఫ్యామిలీ పెన్షన్‌గా కట్టమంది. దీన్నే నోషనల్ ఫిక్సేషన్ అంటారు. రెండు పద్ధతుల్లో ఏది ఎక్కువైతే అది ఇవ్వాలి. రెండింటికీ వర్తించే తేదీ 2016 జనవరి 1. అంతకుముందు కాలానికి ఎరియర్స్ లేవు.

రెండో లెక్క బ్యాంకు చేయలేదు. దానికి చివరి జీతం, పే స్కేలు కావాలి. అవి రిటైరైన ఆఫీసులోనే ఉంటాయి. అందుకే ఆ బాధ్యతను ఆఫీసు అధిపతి, దానికి అనుబంధంగా ఉండే పే అండ్ అకౌంట్స్ ఆఫీసుల మీద పెట్టారు. బ్యాంకు 2.57తో గుణించి ఇచ్చేసరికి చాలామంది తమ సవరణ పూర్తయిపోయిందనుకున్నారు. రెండో సవరణ రాలేదని ఏళ్ల తరబడి గమనించని కుటుంబాలు ఉండటానికి కారణం ఇదే.

మొదటి అడుగు: చివరి జీతాన్ని పట్టుకోండి

పెన్షన్ చెల్లింపు ఉత్తర్వు అయిన పీపీఓ తీయండి. అందులో వెతకవలసినవి రెండు: రిటైరైన నాటి పే స్కేలు, చివరిగా డ్రా చేసిన బేసిక్ పే. ఇక్కడే ఒక చిక్కుంది. 2006కు ముందు పెన్షన్‌ను చివరి 10 నెలల సగటు జీతం మీద కట్టేవారు కాబట్టి, పాత పీపీఓల్లో కొన్నిచోట్ల సగటు అంకె మాత్రమే ప్రముఖంగా కనిపిస్తుంది. నోషనల్ ఫిక్సేషన్‌కు కావలసింది సగటు కాదు, చివరి జీతం. రిటైర్మెంటుకు మూడు నెలల ముందు ప్రమోషన్ వచ్చిన వ్యక్తికి ఈ రెండు అంకెల మధ్య తేడా పెద్దగానే ఉంటుంది. ఆఫీసు పొరపాటున సగటును తీసుకుంటే జీవితాంతం తక్కువ పెన్షన్ వస్తుంది. పీపీఓలో స్పష్టంగా లేకపోతే రిటైర్మెంటప్పుడు ఇచ్చిన పెన్షన్ కాలిక్యులేషన్ షీటులోనో, సర్వీస్ బుక్ చివరి పేజీల్లోనో చూడాలి.

స్కేలు విషయంలోనూ జాగ్రత్త అవసరం. రిటైరైన రోజున ఆ వ్యక్తి ఉన్న స్కేలే లెక్కలోకి వస్తుంది. ఆ పోస్టును తర్వాత ఎప్పుడో పై స్కేలుకు పెంచి ఉంటే ఆ పెంపు పాత పెన్షనర్‌కు రాదు. నోషనల్‌గా ఫిక్స్ చేసేటప్పుడు మధ్యలో ఇంక్రిమెంట్లు కలపడానికీ వీల్లేదని ఉత్తర్వు స్పష్టంగా చెప్పింది.

రెండో అడుగు: రెండు లెక్కలూ పక్కపక్కన కట్టండి

ఒక ఉదాహరణ తీసుకుందాం. 5000-150-8000 స్కేలులో పనిచేసి, 33 ఏళ్ల సర్వీసుతో 2003 అక్టోబరు 31న 60 ఏళ్లకు రిటైరైన ఉద్యోగి. చివరి బేసిక్ రూ.7,100. చివరి పది నెలలూ అదే జీతం కాబట్టి సగటూ అంతే. పెన్షన్ అందులో సగం, రూ.3,550.

మొదటి పద్ధతి ఇలా నడుస్తుంది. 6వ వేతన సంఘం అప్పుడు రూ.3,550 × 2.26 = రూ.8,023 అయింది. 2015 డిసెంబరు 31న ఆయన బేసిక్ పెన్షన్ ఇదే. దీన్ని 2.57తో గుణిస్తే రూ.20,619.11. పైసలు పై రూపాయికి సవరించగా రూ.20,620.

రెండో పద్ధతిలో పెన్షన్‌ను పక్కన పెట్టి జీతం నుంచి మొదలుపెడతాం. రూ.7,100 × 1.86 = రూ.13,206, దాన్ని పదికి సవరిస్తే రూ.13,210. ఆ స్కేలుకు 6వ సంఘంలో గ్రేడ్ పే రూ.4,200. మొత్తం రూ.17,410. దీన్ని 2.57తో గుణిస్తే రూ.44,743.70. ఇప్పుడు 7వ సంఘం పే మ్యాట్రిక్స్‌లో గ్రేడ్ పే 4,200కు సరిపోయే లెవెల్ 6 తెరిచి, ఈ అంకెకు సమానమైన గడిగానీ, లేకపోతే దాని పై గడిగానీ చూడాలి. 43,600 తర్వాత 44,900 ఉంది. కాబట్టి నోషనల్ పే రూ.44,900, అందులో సగం రూ.22,450.

రెండిట్లో రూ.22,450 ఎక్కువ. అదే ఆయన పెన్షన్. మొదటి విడతలో వచ్చినదానికంటే నెలకు రూ.1,830 ఎక్కువ, దానిపై ధరల పెరుగుదలకు ఇచ్చే కరువు భృతి, అంటే డీఆర్, అదనం.

ఈ గుణకారాలన్నీ చేతితో చేయనక్కరలేదు. ఏ వేతన సంఘం కాలంలో ఏ స్కేలులో ఎంత జీతంతో రిటైరైతే నోషనల్ పే ఎంతో చూపే కాంకార్డెన్స్ టేబుళ్లను పెన్షనర్ల సంక్షేమ శాఖ 2017 జూలై 6న విడుదల చేసింది. మీ స్కేలు ఉన్న టేబుల్ తీసి, చివరి జీతం వరుసలోకి వెళితే నోషనల్ పే, పెన్షన్, ఫ్యామిలీ పెన్షన్ మూడూ కనిపిస్తాయి. అయినా ఒకసారి చేత్తో కట్టి చూసుకోమనే మా సలహా. ఆఫీసు పక్క వరుసలోని అంకె ఎక్కించినా, సగటు జీతం తీసుకున్నా అప్పుడే తెలుస్తుంది.

మూడో అడుగు: ఎరియర్స్ మొత్తం లెక్కించండి

మన ఉదాహరణలో రెండో సవరణ ఆలస్యమై, 2017 సెప్టెంబరు వరకూ పాత అంకే జమ అయిందనుకుందాం. మొదటి సవరణ తాలూకు బకాయిలు 2016లోనే ఇచ్చేశారు. కాబట్టి ఇప్పుడు రావలసింది రూ.22,450కీ రూ.20,620కీ మధ్య తేడా మాత్రమే. మొదట ఇచ్చిన దాన్ని ఇందులో సర్దుబాటు చేయాలని ఉత్తర్వే చెబుతోంది. పెన్షనర్లు చాలామంది పాత రూ.8,023తో పోల్చి, తమకు రావలసినది లక్షల్లో ఉందని అనుకుని ఆఫీసుతో గొడవపడేది ఇక్కడే.

డీఆర్ 2016 జూలై నుంచి 2 శాతం, 2017 జనవరి నుంచి 4 శాతం, 2017 జూలై నుంచి 5 శాతం. డీఆర్‌లో పైసలు వస్తే పై రూపాయికి వెళతాయి. ఆ ప్రకారం నెలవారీ తేడా ఇలా వస్తుంది:

- 2016 జనవరి నుంచి జూన్: రూ.1,830 చొప్పున 6 నెలలు, రూ.10,980
- 2016 జూలై నుంచి డిసెంబరు: రూ.1,866 చొప్పున 6 నెలలు, రూ.11,196
- 2017 జనవరి నుంచి జూన్: రూ.1,903 చొప్పున 6 నెలలు, రూ.11,418
- 2017 జూలై నుంచి సెప్టెంబరు: రూ.1,922 చొప్పున 3 నెలలు, రూ.5,766

మొత్తం రూ.39,360. బ్యాంకు రూ.1,830ని 21 నెలలతో గుణించి రూ.38,430 మాత్రమే జమ చేస్తే, డీఆర్ తేడా వదిలేసిందని అర్థం. ఇది తరచూ కనిపించే పొరపాటే. రూ.930 చిన్న మొత్తంగా అనిపించవచ్చు. ఆలస్యం ఏళ్లకేళ్లు సాగితే డీఆర్ శాతమూ పెరుగుతుంది, తేడా కూడా దానితోపాటే పెరుగుతుంది.

కమ్యూటేషన్ సంగతి. పెన్షన్‌లో కొంత భాగాన్ని వదులుకుని దానికి బదులు ఒకేసారి పెద్ద మొత్తం తీసుకోవడమే ఇది. ఈ ఉద్యోగి రిటైరైనప్పుడు 40 శాతం, అంటే రూ.1,420 కమ్యూట్ చేసుకున్నారనుకోండి. సవరణ తర్వాత కూడా నెలనెలా తగ్గేది అదే రూ.1,420. దాన్ని 2.57తో గుణించడం తప్పు. సవరించిన పెన్షన్‌లో 40 శాతం కోయడం ఇంకా పెద్ద తప్పు. డీఆర్‌ను కమ్యూటేషన్ తీసేయకముందు ఉన్న పూర్తి పెన్షన్ మీద కట్టాలి. పాత పెన్షన్‌లోనూ కొత్త పెన్షన్‌లోనూ ఒకే మొత్తం తగ్గుతుంది కాబట్టి కమ్యూటేషన్ వల్ల ఎరియర్స్ మారవు. ఎవరి ఎరియర్స్‌లో నుంచైనా కమ్యూటేషన్ పేరుతో విడిగా కోత కనిపిస్తే వెంటనే లిఖితపూర్వకంగా అడగండి.

నాలుగో అడుగు: ఏ రోజు సొమ్ము ఎవరిదో తేల్చండి

ఎరియర్స్‌ను ఒకే ముద్దగా చూస్తే తగాదాలు వస్తాయి. దాన్ని రోజులుగా విడగొట్టి చూడాలి. ఏ రోజుకు పెన్షన్ ఎవరికి రావాలో, ఆ రోజు తాలూకు బకాయి వారిదే. డబ్బు ఏ రోజున జమ అయిందన్నది హక్కును మార్చదు.

పెన్షనర్ బతికే ఉంటే మొత్తం ఆయనదే. 2016 జనవరి 1కి ముందే పెన్షనర్ చనిపోయి ఉంటే ఆయన పేరిట పెన్షన్ ఎరియర్స్ ఏమీ ఉండవు. ఆ తేదీ నుంచి ఫ్యామిలీ పెన్షన్ తీసుకుంటున్న భార్య లేదా భర్తకు ఫ్యామిలీ పెన్షన్ ఎరియర్స్ వస్తాయి. అసలు చిక్కు మధ్యలో చనిపోయినవారి విషయంలోనే.

మన ఉదాహరణలోని ఉద్యోగి 2017 మార్చి 17న చనిపోయారనుకుందాం. చనిపోయిన రోజుకు కూడా పెన్షన్ వస్తుంది. ఫ్యామిలీ పెన్షన్ ఆ మర్నాటి నుంచి మొదలవుతుంది. అప్పటికి ఆయన 67 ఏళ్లు దాటారు కాబట్టి భార్యకు వచ్చేది పెంచిన రేటు కాదు, మామూలు 30 శాతం. మొదటి పద్ధతిలో అది రూ.7,100లో 30 శాతమైన రూ.2,130 నుంచి మొదలై రూ.4,814 మీదుగా రూ.12,372 అవుతుంది. నోషనల్ పద్ధతిలో రూ.44,900లో 30 శాతం, రూ.13,470. నెలకు తేడా రూ.1,098.

ఇప్పుడు ఎరియర్స్ రెండు ముక్కలవుతాయి. 2016 జనవరి 1 నుంచి 2017 ఫిబ్రవరి వరకూ రూ.25,982. మార్చిలో 31 రోజుల్లో 17 రోజులకు రూ.1,903 చొప్పున దాదాపు రూ.1,044. కలిపి సుమారు రూ.27,026. ఇది ఆయన సొమ్ము, దీన్నే లైఫ్ టైమ్ ఎరియర్స్ అంటారు. మార్చి 18 నుంచి మిగిలిన 14 రోజులకు, తర్వాత సెప్టెంబరు వరకు, డీఆర్ కలిపి సుమారు రూ.7,401. ఇది భార్య సొంత పెన్షన్ బకాయి. రెండోది ఆమె ఖాతాలో నేరుగా పడుతుంది, దాని మీద వేరెవరికీ మాట లేదు. మొదటి రూ.27,026 ఎవరికి ఇవ్వాలన్నదే ప్రశ్న.

దానికి 1983 నాటి పెన్షన్ బకాయిల నామినేషన్ నియమాలున్నాయి. పెన్షనర్ ఫారం ఎ నింపి నామినీ పేరు ఇచ్చి ఉంటే ఆ వ్యక్తికి చెల్లిస్తారు. ఇక్కడ ఒక సంగతి చాలామందికి తెలియదు. 1871 పెన్షన్ల చట్టంలోని సెక్షన్ 12ఎ ప్రకారం, చెల్లించకుండా మిగిలిపోయిన పెన్షన్ సొమ్మును అందుకునే హక్కు మిగతా అందరినీ పక్కనపెట్టి నామినీదే. ఇది పెన్షన్ బకాయిల నామినేషన్. బ్యాంకు ఖాతాకు ఇచ్చిన నామినేషన్ వేరు, గ్రాట్యుటీకి ఇచ్చినది వేరు. ఒకటి ఉంటే రెండోది ఉన్నట్టు కాదు. ఫ్యామిలీ పెన్షన్ కోసం పీపీఓలో భార్య పేరు ఉండటం కూడా ఈ నామినేషన్‌కు ప్రత్యామ్నాయం కాదు.

నామినేషన్ లేకపోతే చట్టబద్ధ వారసులకు ఇస్తారు. అప్పుడు వారసత్వ ధ్రువపత్రం, మిగతా వారసుల అంగీకార పత్రాల కోసం నెలలు తిరగాలి. అమ్మ బతికి ఉన్నా కొడుకులూ కూతుళ్లూ అందరూ సంతకాలు పెట్టాల్సి రావచ్చు. ముప్పై వేలకు లోపు సొమ్ము కోసం ఇంటిల్లిపాది ఆఫీసుల చుట్టూ తిరగడం చూస్తే బాధ కలుగుతుంది. ఒక్క ఫారంతో అది తప్పుతుంది. పెన్షనర్ బతికి ఉన్నప్పుడే పెన్షన్ ఇచ్చే బ్యాంకులో ఫారం ఎ ఇచ్చి, స్వీకరించినట్టు స్టాంపు వేసిన కాపీ పీపీఓతో కలిపి దాచండి.

ఫ్యామిలీ పెన్షన్ తీసుకుంటున్న వ్యక్తే తన ఎరియర్స్ రాకముందు చనిపోతే పద్ధతి మారుతుంది. ఆ బకాయి కుటుంబంలో తర్వాత ఫ్యామిలీ పెన్షన్‌కు అర్హత ఉన్నవారికి వెళుతుంది. ఉదాహరణకు అర్హత ఉన్న దివ్యాంగ సంతానం. అలాంటివారు ఎవరూ లేనప్పుడే వారసత్వ పత్రం అడుగుతారు.

ఐదో అడుగు: సవరణ జరిగిందో లేదో ఎలా తెలుసుకోవాలి

సివిల్ పెన్షనర్ల సవరణ నడిచే దారి ఇది. ఆఫీసు అధిపతి నోషనల్ పే ఫిక్స్ చేస్తారు, పే అండ్ అకౌంట్స్ ఆఫీసు సరిచూసి రివైజ్డ్ అథారిటీ జారీ చేస్తుంది, కేంద్ర పెన్షన్ అకౌంటింగ్ ఆఫీసు (సీపీఏఓ) దాన్ని బ్యాంకుకు పంపుతుంది, బ్యాంకు కేంద్రీకృత పెన్షన్ ప్రాసెసింగ్ సెంటర్ సొమ్ము జమ చేస్తుంది. రైల్వే, రక్షణ శాఖలకు సొంత ఏర్పాట్లున్నాయి.

మీ చేతికి రావలసిన కాగితం రివైజ్డ్ అథారిటీ. అది ఉంటే రెండో సవరణ జరిగినట్టు. 2.57 గుణకారం మాత్రమే జరిగితే అలాంటి కాగితం ఉండదు, పాస్‌బుక్‌లో మాత్రమే మార్పు కనిపిస్తుంది. అథారిటీ వచ్చాక అందులో నాలుగు చోట్లు చూడండి: రిటైరైన నాటి స్కేలు, చివరి జీతం, పే మ్యాట్రిక్స్ లెవెల్, నోషనల్ పే. ఈ నాలుగూ సరిపోతే మిగతాది సరిపోతుంది.

అథారిటీ రాకపోతే బ్యాంకు మేనేజర్‌ను అడిగి లాభం లేదు. ఆయన చేతిలో లేని పని అది. రిటైరైన ఆఫీసు అధిపతికి, పే అండ్ అకౌంట్స్ ఆఫీసుకు కాపీతో లేఖ రాయండి. పీపీఓ నంబరు, చివరి జీతం, స్కేలు, కాంకార్డెన్స్ టేబుల్ ప్రకారం రావలసిన నోషనల్ పే, పెన్షన్ అంకెలు అందులో రాయండి. పాత రికార్డు దొరకట్లేదని ఆఫీసు అంటే, మీ దగ్గరున్న కాలిక్యులేషన్ షీటు, చివరి జీతం ధ్రువపత్రాల నకళ్లు జత చేయండి. స్పందన లేకపోతే పెన్షన్ ఫిర్యాదుల కోసమే ఉన్న సీపెన్‌గ్రామ్స్ పోర్టల్‌లో నమోదు చేయాలి. అథారిటీ బ్యాంకుకు చేరిందని తేలాక కూడా సొమ్ము పడకపోతే, అప్పుడు అడగవలసింది బ్యాంకును.

పెన్షనర్ మధ్యలో చనిపోయిన కేసుల్లో తప్పకుండా సరిచూడవలసిన మరో విషయం ఉంది. భర్త చనిపోయాడని తెలిసిన ఆఫీసు ఫ్యామిలీ పెన్షన్‌ను మాత్రమే సవరించి పంపుతుంది. 2016 జనవరి నుంచి చనిపోయిన రోజు వరకు ఆయన పెన్షన్ సవరణ కాగితాల్లోనే ఉండదు. అప్పుడు భార్య ఖాతాలో రూ.7,401 పడుతుంది, రూ.27,026 ఎవరి దృష్టికీ రాదు. అందుకే లేఖలో రెండు కోరికలు విడివిడిగా రాయాలి: ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు దివంగత పెన్షనర్ పెన్షన్ సవరణ, ఆ మర్నాటి నుంచి ఫ్యామిలీ పెన్షన్ సవరణ. మరణ ధ్రువపత్రం, నామినేషన్ కాపీ జత చేయాలి.

80 ఏళ్లు నిండినవారికి అదనపు పెన్షన్ కూడా సవరించిన బేసిక్ మీదే రావాలి. 80 నుంచి 85 ఏళ్ల మధ్య అది 20 శాతం. బేసిక్ రూ.22,450 అయితే అదనం రూ.4,490. ఇది పాత బేసిక్ మీదే ఉండిపోయిందేమో చూసుకోండి.

ఎరియర్స్ ఒకేసారి పడిన ఏడాది పన్ను ఎక్కువ పడవచ్చు. 1961 ఆదాయపు పన్ను చట్టం వర్తించిన సంవత్సరాలకు సెక్షన్ 89 కింద ఉపశమనం ఉండేది. దానికి రిటర్ను వేయడానికి ముందే ఫారం 10ఇ ఆన్‌లైన్‌లో సమర్పించాలి. ఏ ఏడాదికి ఎంత బకాయి చెందుతుందో చెప్పే డ్యూ-డ్రాన్ స్టేట్‌మెంట్ బ్యాంకు నుంచి తీసుకుంటే ఆ ఫారం నింపడం సులువు. మూడో అడుగులో మీరు కట్టిన లెక్కను ఆ స్టేట్‌మెంట్‌తో పోల్చుకోవచ్చు కూడా.

రాష్ట్ర పెన్షనర్లకు ఒక మాట

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పెన్షనర్లు పై అంకెలను తమకు అన్వయించుకోకూడదు. రాష్ట్ర వేతన సవరణ సంఘాల్లో, అంటే పీఆర్సీల్లో, నోషనల్ తేదీ వేరు, నగదు తేదీ వేరు. రెండు రాష్ట్రాల్లోనూ గత పీఆర్సీ 2018 జూలై 1 నుంచి నోషనల్‌గా, 2020 ఏప్రిల్ 1 నుంచి ఆర్థిక ప్రయోజనంతో అమలైంది. అంటే 2019లో చనిపోయిన పెన్షనర్ పెన్షన్ కాగితం మీద పెరిగినా, ఆయన జీవితకాలానికి ఎరియర్స్ ఏమీ ఉండవు. 2020 ఏప్రిల్ నుంచి ఫ్యామిలీ పెన్షన్ తేడా మాత్రం భార్యకు వస్తుంది. కాబట్టి రాష్ట్ర ఉత్తర్వు చేతికి రాగానే ముందు ఆ రెండో తేదీ వెతకండి. చనిపోయిన తేదీని దాని పక్కన పెడితే బకాయి ఉందో లేదో, ఉంటే ఎవరికో అక్కడికక్కడే తేలుతుంది.